అట్టపెట్టెల బల్క్ కొటేషన్‌లో చెల్లింపు షరతులు, చెల్లుబాటు గడువు: ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎలా తిరగరాయాలి

“చెల్లింపు: 50 శాతం అడ్వాన్సు, మిగతాది డెలివరీ సమయంలో. ఈ కొటేషన్ 30 రోజులు చెల్లుతుంది. ముందస్తు సమాచారం లేకుండా రేట్లు మారవచ్చు. పన్నులు అదనం.”

అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ల కొటేషన్లలో, రేట్ల పట్టిక ముగిశాక, ఇంచుమించు ఇవే నాలుగు వాక్యాలు కనిపిస్తాయి. ఎవరో ఎప్పుడో రాసిన పాత ఫైలును తెరిచి, పార్టీ పేరు, సైజు, రేటు మార్చి పంపడమే అలవాటు కాబట్టి, కింది నాలుగు వాక్యాలను ఏళ్ల తరబడి ఎవరూ చదవరు. వెయ్యి పెట్టెల ఆర్డరులో దీనివల్ల పెద్దగా నష్టం ఉండదు. కానీ నలభై వేల పెట్టెలను నాలుగు విడతల్లో ఇవ్వాల్సిన ఆర్డరులో లాభం మిగులుతుందా లేదా అన్నది, రేటు కన్నా ఎక్కువగా, ఈ నాలుగు వాక్యాల మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల వాటి స్థానంలో రాయదగిన పద్ధతులను ఒక ఆర్డరును ఆధారంగా తీసుకుని పోల్చి, ఎవరికి ఏది సరిపోతుందో ఇక్కడ వివరిస్తున్నాను. కింది అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. మీ పెట్టె బరువు, మీ మిల్లు రేటు వేసి అదే వరుసలో లెక్క కట్టుకోవచ్చు.

ఉదాహరణకు తీసుకున్న ఆర్డరు

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఉన్న ఒక చిన్న యూనిట్‌ను ఊహించుకుందాం. ఆవకాయ కాలానికి ముందు ఒక పచ్చళ్ల కంపెనీ పన్నెండు సీసాలు పట్టే అయిదు పొరల పెట్టెలు, తన పేరు ముద్రించినవి, నలభై వేలు కావాలని అడిగింది. పదిహేను రోజులకు పదివేల చొప్పున నాలుగు విడతల్లో వాళ్ల గోడౌనుకు చేర్చాలి. ఒక్కో పెట్టె బరువు అర కిలో. కటింగ్‌లో పోయే తరుగు కూడా కలిపితే పెట్టెకు 530 గ్రాముల క్రాఫ్ట్ కాగితం పడుతుంది. మిల్లు రేటు పన్ను కాకుండా కిలో 36 రూపాయలు అనుకుంటే, పెట్టెలో కాగితం ఖర్చే 19 రూపాయల 8 పైసలు. జిగురు, కూలి, కరెంటు, లారీ కలిపి మరో 6 రూపాయల 92 పైసలు. రెండు రూపాయలు లాభం వేసుకుని 28 రూపాయలకు కొటేషన్ ఇస్తున్నాం.

ఇక్కడ రెండు విషయాలను గమనించాలి. మొదటిది, ధరలో మూడింట రెండు వంతులకు పైగా కాగితమే కావడం వల్ల, మిల్లు కిలోకు ఒక రూపాయి పెంచితే మన పెట్టె ఖర్చు 53 పైసలు పెరుగుతుంది. మూడు రూపాయలు పెంచితే పెట్టెకు 1.59 రూపాయలు పోయి, లాభంలో 41 పైసలు మాత్రమే మిగులుతాయి. రెండవది, ఆ పెట్టెల మీద కొనుగోలుదారు పేరు ఉంటుంది కాబట్టి, వాళ్లు వద్దంటే వాటిని మరొకరికి అమ్మడం సాధ్యం కాదు. చిత్తు కాగితంగానే పోతాయి. చెల్లింపు షరతులు ఎలా రాయాలన్నది ఈ రెండింటి నుంచే తేలాలి తప్ప, పక్క యూనిట్ వాళ్లు ఏం రాస్తున్నారన్న దాని నుంచి కాదు.

పాత వాక్యాలు ఎక్కడ విఫలమవుతాయి

“50 శాతం అడ్వాన్సు” అన్నప్పుడు ఏ మొత్తంలో సగమో చెప్పలేదు. జీఎస్టీతో కలిపిన విలువలోనా, కలపని విలువలోనా, మొత్తం ఆర్డరులోనా, మొదటి విడతలోనా అన్న ప్రశ్న వస్తే, కొనుగోలుదారు తనకు తక్కువ పడే అర్థాన్నే తీసుకుంటాడు, అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

“డెలివరీ సమయంలో” అన్న మాట ఇంకా ప్రమాదకరం. ఒకసారి నేను కొటేషన్ రాసిపెట్టిన ఒక యూనిట్ లారీ కొనుగోలుదారు గేటు దగ్గరికి మధ్యాహ్నం చేరింది. స్టోర్స్ వాళ్లు సరుకు దింపుకుని చలానా మీద ముద్ర వేసి ఇచ్చారు. చెక్కు కోసం డ్రైవరు అకౌంట్స్ విభాగానికి వెళితే, సరుకు తనిఖీ పూర్తయి, సరుకు అందినట్టు తమ స్టోర్స్ నమోదు చేసే జీఆర్ఎన్ అనే పత్రం వచ్చాకే తమ లెక్కలో డెలివరీ అయినట్టని, చెల్లింపులు శనివారాల్లోనే చేస్తామని అన్నారు. మా దృష్టిలో డెలివరీ అంటే లారీ ఖాళీ కావడం, వాళ్ల దృష్టిలో జీఆర్ఎన్ నమోదు కావడం. రెండూ సమంజసమైన అర్థాలే. తప్పు నా వాక్యానిది. సరుకు దిగిపోయాక ఆ వాదన గెలిచే దారి లేదు, డబ్బు రావడానికి అయిదు వారాలు పట్టింది.

ఇక “30 రోజులు చెల్లుతుంది” అన్న వాక్యం, “సమాచారం లేకుండా రేట్లు మారవచ్చు” అన్న వాక్యం ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టం ప్రకారం, ప్రతిపాదనలో గడువు రాస్తే ఆ గడువు తీరగానే అది రద్దవుతుంది. గడువు రాయకపోతే సమంజసమైన కాలం గడిచాక రద్దవుతుంది. గడువు రాసినా, అవతలివాళ్లు అంగీకారం పంపేలోపు మనం వెనక్కి తీసుకోవచ్చు. కానీ అంగీకారం పంపేశాక మాత్రం ధర కుదిరిపోయినట్టే. ఇరవై తొమ్మిదో రోజున పర్చేజ్ ఆర్డరు పంపినవాళ్లకు “రేట్లు మారవచ్చు” అన్న వాక్యం చూపిస్తే, వాళ్లు “30 రోజులు” అన్న వాక్యం చూపిస్తారు. గడువు ఇవ్వదలచుకుంటే ఇవ్వాలి, లేదంటే ఏ లెక్క ప్రకారం ధర మారుతుందో చెప్పాలి. రెండూ కలిపి రాస్తే రెండింటి రక్షణా పోతుంది.

చెల్లింపు: మూడు పద్ధతుల పోలిక

చిన్న యూనిట్‌కు ఆచరణలో ఉండే దారులు మూడు. మొదటిది, 30 శాతం అడ్వాన్సు తీసుకుని, ప్రతి విడతకు మిగిలిన మొత్తాన్ని సరుకు బయలుదేరే ముందే తీసుకోవడం. రెండవది, అదే 30 శాతం అడ్వాన్సు తీసుకుని, మిగతాది ప్రతి విడత చేరిన 30 రోజులకు తీసుకోవడం. మూడవది, అడ్వాన్సు లేకుండా 45 రోజుల అప్పు.

వీటిని పోల్చడానికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: కాగితం కొనడానికి ఏ రోజున మన జేబు నుంచి ఎంత పోతుంది? పదివేల పెట్టెల విడతకు 5.3 టన్నుల కాగితం, అంటే 1,90,800 రూపాయలు కావాలి. దాని మీద 18 శాతం జీఎస్టీ 34,344 కలిపితే మిల్లుకు కట్టాల్సింది సుమారు 2.25 లక్షలు. మనం కొనుగోలుదారుకు ఇచ్చే బిల్లు విడతకు 2,80,000, దాని మీద 5 శాతం జీఎస్టీ 14,000, మొత్తం 2.94 లక్షలు. నాలుగు విడతల ప్రాథమిక విలువ 11.20 లక్షలు కాబట్టి 30 శాతం అడ్వాన్సు 3.36 లక్షలు. దీన్ని ప్రతి బిల్లులో 84,000 చొప్పున సర్దుబాటు చేస్తే విడతకు 2.10 లక్షలు రావాల్సి ఉంటుంది. మిల్లు నగదుకే కాగితం ఇస్తుందనీ, విడత మొదలయ్యే రోజున కాగితం కొంటామనీ, పదిహేను రోజుల్లో పెట్టెలు పంపుతామనీ అనుకుందాం.

మొదటి పద్ధతిలో అడ్వాన్సు వచ్చిన రోజున కాగితం కొనగా ఇంకా 1.11 లక్షలు చేతిలో ఉంటాయి. పదిహేనో రోజున మొదటి విడత డబ్బు వచ్చి రెండో విడత కాగితానికి పోతుంది. చివరి విడత దాకా కాగితం కోసం సొంత డబ్బు పెట్టాల్సిన అవసరం రాదు. కూలి, జిగురు, లారీ కోసం విడతకు దాదాపు 69 వేలు కావాలి. అందులో కొంత మాత్రమే మనం చూసుకోవాలి.

రెండవ పద్ధతిలో పదిహేనో రోజుకు 1.14 లక్షలు, ముప్పయ్యో రోజుకు 3.39 లక్షలు లోటు పడుతుంది. నలభై అయిదో రోజున మొదటి విడత డబ్బు వచ్చినా, నాలుగో విడత కాగితం కొనాల్సి ఉన్నందున లోటు 3.54 లక్షలకు చేరుతుంది. ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది.

మూడవ పద్ధతిలో పరిస్థితి పూర్తిగా వేరు. మొదటి విడత పదిహేనో రోజున చేరితే దాని డబ్బు అరవయ్యో రోజుకు వస్తుంది. అప్పటికే, అంటే నలభై అయిదో రోజుకే, నాలుగు విడతల కాగితం కొనేసి ఉంటాం. ఒక్క రూపాయి కూడా రాకముందే 9 లక్షలు బయట ఉంటాయి.

చాలామంది ఈ తేడాను వడ్డీగానే లెక్క కడతారు. ఓవర్‌డ్రాఫ్ట్ మీద ఏడాదికి 12 శాతం అనుకుంటే, కాగితం మీద పెట్టిన డబ్బుకు మూడవ పద్ధతిలో వడ్డీ సుమారు 15,700 రూపాయలు, అంటే పెట్టెకు 40 పైసల లోపే. రెండవ పద్ధతిలో సుమారు 4,700, అంటే 12 పైసలు. ఇంతేనా అనిపిస్తుంది, కాబట్టి “28 రూపాయల 50 పైసలు ఇస్తే 45 రోజుల అప్పు ఇచ్చేయొచ్చు” అనుకుంటారు. నేను దీనితో ఏకీభవించను. ఇక్కడ వడ్డీ చిన్న సంగతి. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి పది లక్షలే ఉన్న యూనిట్‌కు 9 లక్షలు ఒకే కొనుగోలుదారు దగ్గర ఇరుక్కుంటే, ఆ రెండు నెలల్లో మరొక ఆర్డరు తీసుకోలేదు. మొదటి బిల్లు పది రోజులు ఆలస్యమైతే మిల్లు దగ్గర, కూలీల దగ్గర ఒకేసారి మాట పోతుంది. పైగా నలభై వేల పెట్టెలకూ కాగితాన్ని ముందే కొనే స్తోమత లేకపోవడం వల్ల, మూడు, నాలుగు విడతల కాగితం రేటు పూర్తిగా మన నెత్తిన ఉంటుంది.

పన్ను తేడాను కూడా మరచిపోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, క్రాఫ్ట్ కాగితం మీద 12 నుంచి 18 శాతానికి పెరిగింది. కాబట్టి మనం మిల్లుకు కట్టే పన్ను, కొనుగోలుదారు నుంచి వసూలు చేసే పన్ను కన్నా ఎక్కువ. పై లెక్కలో విడతకు 20,344 రూపాయలు, నాలుగు విడతలకు 81 వేలకు పైగా, పన్ను ఖాతాలో పేరుకుపోయి రీఫండు కోసం ఎదురుచూస్తాయి. ఈ ఆర్డరులో మన మొత్తం లాభం 80,000 అని గుర్తు చేసుకుంటే, దాదాపు లాభమంతా కొంతకాలం ప్రభుత్వం దగ్గర ఉంటుందన్న మాట. అప్పు గడువు ఒప్పుకునే ముందు ఈ అంకెను పక్కన రాసుకుని చూడాలి.

కాబట్టి నా సలహా ఇది. మొదటిసారి ఆర్డరు ఇస్తున్న కొనుగోలుదారుకు మొదటి పద్ధతి తప్ప మరొకటి ప్రతిపాదించవద్దు. పేరు ముద్రించిన సరుకుకు ఇది ఎవరికీ అన్యాయంగా తోచదు. రెండు మూడు సీజన్లుగా గడువు తప్పకుండా చెల్లిస్తున్నవాళ్లకు రెండవ పద్ధతి సరిపోతుంది, అయితే గడువు మీరిన బాకీలు పేరుకుపోకుండా “అంతకుముందు గడువు మీరిన బిల్లు చెల్లించాకే తర్వాతి విడత బయలుదేరుతుంది” అని రాయాలి. అడ్వాన్సు ఇవ్వడం తమ కంపెనీ పద్ధతిలో లేదనే పెద్ద కొనుగోలుదారు విషయంలో మాత్రమే మూడవ దానికి వెళ్లాలి. అప్పుడు కూడా నలభై వేలకు కాక, మొదటి పదివేలకే కొటేషన్ ఇవ్వడం మేలు.

అడ్వాన్సును ఎలా సర్దుబాటు చేస్తారు

కొటేషన్లలో నేను దాదాపు ఎప్పుడూ చూడని వాక్యం ఇదే, అందుకే దీన్ని విడిగా చెబుతున్నాను. 30 శాతం తీసుకుంటామని రాస్తారు గాని, దాన్ని ఏ బిల్లులో తగ్గిస్తారో రాయరు. అది రాయకపోతే కొనుగోలుదారు అకౌంట్స్ విభాగం మొదటి బిల్లులోనే మొత్తం 3.36 లక్షలనూ మినహాయిస్తుంది. మొదటి బిల్లు 2.94 లక్షలే కాబట్టి దానికి చెల్లించాల్సింది ఏమీ ఉండదు, రెండో బిల్లులో కూడా 42,000 తగ్గిస్తారు. అంటే రెండో విడత నుంచి మన దగ్గర అడ్వాన్సు అన్నదే లేదు, పేరు ముద్రించిన పెట్టెలు మాత్రం ఉంటాయి.

అడ్వాన్సు మొత్తాన్ని చివరి విడతలో సర్దుతామంటే మనకు పూర్తి రక్షణే, కానీ కొనుగోలుదారు డబ్బు రెండు నెలలు మన దగ్గర ఉండిపోతుంది, మూడో విడతలో నాణ్యత బాగాలేకపోతే వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. వాళ్లు అభ్యంతరం చెప్పడం న్యాయమే. నాలుగు బిల్లుల్లో సమానంగా, 84,000 చొప్పున, తగ్గించడం ఇద్దరికీ నిలబడే పద్ధతి. సరుకుల విషయంలో మామూలు పద్ధతిలో పన్ను కట్టే యూనిట్లు అడ్వాన్సు అందినప్పుడు జీఎస్టీ కట్టనక్కర లేదు. 2017 నవంబరు 15 నుంచి ఈ వెసులుబాటు ఉంది. అందుకే అడ్వాన్సును పన్ను కలపని విలువ మీద లెక్కించి, పన్నును ప్రతి బిల్లులో పూర్తిగా వసూలు చేయడం లెక్కల పుస్తకాలకు కూడా సులువు.

ముద్రణకు చేయించే స్టీరియో, కటింగ్ డై ఖర్చును పెట్టె ధరలో కలపకుండా విడిగా చూపి, అడ్వాన్సుతో పాటే తీసుకోవాలి. ఆర్డరు మధ్యలో ఆగితే తిరిగి రానిది అదే.

అప్పు గడువు రాసేటప్పుడు చట్టం ఏం చెబుతుంది

రెండవ, మూడవ పద్ధతులు ఎంచుకునేవాళ్లు 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని వాక్యం రాయాలి. ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్‌కు కొనుగోలుదారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని తేదీలోపు, ఎంత ఉన్నా సరుకు అంగీకరించిన 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. సరుకు చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం తెలపకపోతే, సరుకు చేరిన రోజే అంగీకరించిన రోజు అవుతుంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది.

దీని నుంచి రెండు పనికొచ్చే మాటలు దొరుకుతాయి. ఒకటి, జీఆర్ఎన్ తేదీ నుంచి కాక “సరుకు గోడౌనుకు చేరి చలానా మీద సంతకం అయిన తేదీ నుంచి” అని రాసి, అభ్యంతరాలకు 15 రోజుల గడువు ఇవ్వడం. రెండు, ఉద్యం నంబరును కొటేషన్‌లో, బిల్లులో రెండింటిలోనూ ముద్రించడం. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నియమం ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఈ గడువు దాటించి చెల్లించిన మొత్తాన్ని కొనుగోలుదారు అసలు చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోగలడు. మార్చి నెలాఖరున పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలు ఉద్యం నంబరు ఉన్న బిల్లులను ముందుగా తీసేది అందుకే. ఉద్యం నమోదు ఆర్డరు తేదీకి ముందే ఉండేలా చూసుకోవడం క్షేమం.

“ఆలస్యమైతే ఏడాదికి 24 శాతం వడ్డీ” అన్న వాక్యాన్ని చాలామంది పెడతారు. నేను దాన్ని తీసేసి, “2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం వడ్డీ వర్తిస్తుంది” అని మాత్రమే రాస్తాను. బెదిరింపుగా వినపడదు, చట్టం ఇచ్చేదాని కన్నా ఎక్కువా తక్కువా కాదు.

చెల్లుబాటు గడువు: ఇక్కడే అసలు నిర్ణయం

పాత వాక్యం లాగా నెల రోజులు ఒకే ధర నిలిపి ఉంచడం మొదటి దారి. వారం రోజులకే గడువు కుదించడం రెండవది. కాగితం కాని భాగాన్ని నిలిపి ఉంచి, కాగితం భాగాన్ని మిల్లు రేటుతో ముడిపెట్టడం మూడవది. ఈ వ్యాపారంలో కాగితం కాని భాగాన్ని కన్వర్షన్ అంటారు. మన లెక్కలో అది 8 రూపాయల 92 పైసలు, లాభం కూడా అందులోనే ఉంది.

కొటేషన్‌ను మార్చి 9న ఇచ్చామనీ, మిల్లు మార్చి 20న కిలోకు రెండు రూపాయలు పెంచిందనీ, కొనుగోలుదారు లోపల అనుమతులన్నీ తీసుకుని మార్చి 30న పర్చేజ్ ఆర్డరు పంపాడనీ అనుకుందాం. మొదటి దారిలో గడువు ఇంకా ఉంది కాబట్టి 28 రూపాయలకే ఇవ్వాలి. పెట్టెకు 1.06 రూపాయల చొప్పున, నలభై వేల పెట్టెలకు 42,400 రూపాయలు, అంటే లాభంలో సగానికి పైగా పోతుంది. రెండవ దారిలో మార్చి 16నే గడువు తీరింది కాబట్టి మనకు నష్టం లేదు. కానీ కొనుగోలుదారు కొత్త కొటేషన్ తీసుకుని మళ్లీ అనుమతులకు పెట్టాలి. ఆవకాయ కాలం దగ్గర పడుతుంటే ఆ మూడు వారాలు వాళ్లకు లేవు, కొటేషన్ సిద్ధంగా ఉన్న మరొకరి దగ్గరికి పోతారు. మూడవ దారిలో ధర దానంతట అదే 29 రూపాయల 6 పైసలు అవుతుంది. ఆ లెక్క మొదటి కొటేషన్‌లోనే ఉన్నందున అనుమతి కూడా దానికీ కలిపే వచ్చి ఉంటుంది.

అయితే మూడవ దారి అందరికీ నచ్చదు. మన కన్వర్షన్ ఎంతో కొనుగోలుదారుకు తెలిసిపోతుందన్న భయం న్యాయమైనదే. అందుకు నేను చేసేదేమిటంటే, ఖర్చుల విభజన చూపను. పెట్టెకు పట్టే కాగితం బరువు, ఆధారంగా తీసుకున్న మిల్లు రేటు, రూపాయికి 53 పైసల మార్పు, ఈ మూడే చూపుతాను. శ్రద్ధగల కొనుగోలుదారు మిగతాది లెక్క కట్టుకోగలడు గాని, అంత శ్రద్ధ ఉన్నవాడు పెట్టెను తూకం వేసి కూడా తెలుసుకోగలడు. మార్పు రెండు వైపులా వర్తించాలి, అంటే మిల్లు రేటు తగ్గితే పెట్టె ధర కూడా తగ్గాలి. ఇది రాయకపోతే ఆ నిబంధనను ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కిలోకు ఒక రూపాయి లోపు మార్పును ఎవరూ పట్టించుకోరని రాస్తే, ప్రతి వారం ఉత్తరాలు రాసుకునే బాధ తప్పుతుంది.

కొనుగోలుదారు వారంలో నిర్ణయం తీసుకోగల చిన్న వ్యాపారి అయితే రెండవ దారే మంచిది. సూత్రాలు చూపి కంగారు పెట్టడం అనవసరం. అనుమతులకు రెండు వారాలు మించి పట్టే కంపెనీ అయితే మూడవది. మొదటి దారిని, గోడౌనులో ఈ ఆర్డరుకు సరిపడా కాగితం అప్పటికే ఉన్న యూనిట్ తప్ప మరెవరూ ఎంచుకోకూడదని నా అభిప్రాయం.

ఏ దారిలోనైనా గడువు దేనితో ముగుస్తుందో ముఖ్యం. పర్చేజ్ ఆర్డరు అందడంతో ధర ఖాయమవుతుందని రాస్తే, ఆర్డరు మార్చి 15న వచ్చి అడ్వాన్సు ఏప్రిల్ 5న వచ్చినప్పుడు ఆ మధ్య పెరిగిన కాగితం ఖర్చు మనదే అవుతుంది. మిల్లు మనకు కాగితం ఇచ్చేది పర్చేజ్ ఆర్డరు చూసి కాదు, డబ్బు చూసి. కాబట్టి అడ్వాన్సు మన ఖాతాలో పడిన రోజునే ధర ఖాయం కావాలి, గడువు కూడా దానికే పెట్టాలి. చెల్లింపు షరతులను, చెల్లుబాటు గడువును విడివిడిగా రాయకూడదని నేను అనేది ఇందుకే. ఆ రెండూ ఒకే కాగితం కొనుగోలుకు సంబంధించిన మాటలు. మొదటి అడ్వాన్సు ఒకటిన్నర విడతల కాగితానికే సరిపోతుంది కాబట్టి, మొదటి విడత ధరను ఖాయం చేసి, తర్వాతి విడతలకు మార్పు నిబంధనను వర్తింపజేయడం నిజాయితీగా ఉంటుంది.

తిరగరాసిన నోటు

అనుమతులకు సమయం పట్టే, మొదటిసారి కొనే కంపెనీకి పంపే నోటు ఇలా ఉంటుంది.

> ధర: పెట్టె ఒక్కటికి రూ.28.00, మీ గోడౌనుకు చేర్చి, జీఎస్టీ కాకుండా. జీఎస్టీ సరఫరా నాడు అమల్లో ఉన్న రేటు ప్రకారం అదనం. ఈ రోజు అది 5 శాతం.
>
> అడ్వాన్సు: 40,000 పెట్టెల ప్రాథమిక విలువ రూ.11,20,000లో 30 శాతం, అంటే రూ.3,36,000. దీనిని నాలుగు విడతల బిల్లుల్లో ఒక్కొక్క దానిలో రూ.84,000 చొప్పున తగ్గిస్తాము. స్టీరియో, డై ఖర్చు విడిగా, అడ్వాన్సుతో పాటు చెల్లించాలి.
>
> మిగిలిన మొత్తం: ప్రతి విడత సిద్ధమైనట్టు మేము తెలియజేసి, ప్రొఫార్మా బిల్లు పంపిన తర్వాత, సరుకు మా యూనిట్ నుంచి బయలుదేరే ముందు మా బ్యాంకు ఖాతాలో జమ కావాలి.
>
> చెల్లుబాటు: పై ధర ఏప్రిల్ 8 సాయంత్రం 5 గంటల లోపు పర్చేజ్ ఆర్డరు, అడ్వాన్సు రెండూ మాకు అందితే వర్తిస్తుంది. ఆ తర్వాత ఈ కొటేషన్ రద్దవుతుంది.
>
> కాగితం రేటు: ధరకు ఆధారం మార్చి 9 నాటి క్రాఫ్ట్ కాగితం మిల్లు రేటు, కిలో రూ.36.00, పన్ను కాకుండా. మొదటి విడతకు అడ్వాన్సు జమ అయిన రోజున, తర్వాతి విడతలకు ఆ విడత కాగితం కొన్న రోజున మిల్లు రేటు రూ.1.00 లేదా అంతకు మించి పెరిగినా తగ్గినా, మారిన ప్రతి రూపాయికి పెట్టె ధర 53 పైసల చొప్పున పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మిల్లు బిల్లు నకలు ఇస్తాము.
>
> మా ఉద్యం నమోదు నంబరు బిల్లు మీద ఉంటుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది.

గడువును “ముప్పై రోజులు” అని కాక తేదీ, సమయం వేసి రాయడం వల్ల, కొటేషన్ తేదీ నుంచా, అందిన తేదీ నుంచా అన్న తగవు రాదు. “మిల్లు బిల్లు నకలు ఇస్తాము” అన్న మాట లేకపోతే కాగితం రేటు నిబంధనను కొనుగోలుదారు నమ్మడానికి కారణం లేదు. రెండవ పద్ధతికి మార్చుకోవాలంటే “మిగిలిన మొత్తం” అన్న పేరాను మాత్రం తీసి, చలానా మీద సంతకం అయిన తేదీ నుంచి 30 రోజులు, అభ్యంతరాలు 15 రోజుల్లో రాతపూర్వకంగా, గడువు మీరిన బిల్లు ఉండగా తర్వాతి విడత బయలుదేరదు, అన్న మూడు మాటలు పెడితే చాలు.

వచ్చిన పర్చేజ్ ఆర్డరు వేరేగా ఉంటే

ఎంత జాగ్రత్తగా రాసినా, కొనుగోలుదారు కంప్యూటరు నుంచి వచ్చే పర్చేజ్ ఆర్డరులో “చెల్లింపు 60 రోజులు” అని ముందే అచ్చయి ఉండవచ్చు. కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం మన ప్రతిపాదనకు మార్పు లేకుండా ఉండాలి. షరతు మార్చి పంపినది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. ప్రమాదం తర్వాతి అడుగులో ఉంది. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఏమీ అనకుండా మొదటి విడత పంపితే, పని మొదలుపెట్టడమే వాళ్ల షరతును ఒప్పుకున్నట్టుగా చూపించవచ్చు. అరవై రోజులన్న షరతు చట్టంలోని 45 రోజుల పరిమితి ముందు నిలవదు గాని, మనం అడిగిన ముందస్తు చెల్లింపు మాత్రం పోతుంది.

అందువల్ల పర్చేజ్ ఆర్డరు వచ్చిన రోజునే చెల్లింపు, ధర, గడువు, తేదీలు నాలుగింటినీ మన నోటుతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కటి తేడాగా ఉన్నా, కాగితానికి ఆర్డరు పెట్టే ముందే ఇలా మెయిల్ పంపాలి: “మీ పర్చేజ్ ఆర్డరు అందింది, కృతజ్ఞతలు. అందులో చెల్లింపు గడువు 60 రోజులుగా ఉంది. మా మార్చి 9 నాటి కొటేషన్‌లో ప్రతి విడతకూ సరుకు బయలుదేరే ముందు చెల్లింపు అని ఉంది. దయచేసి పర్చేజ్ ఆర్డరును సవరించి పంపండి, లేదా కొటేషన్ షరతులే వర్తిస్తాయని ఈ మెయిల్‌కు జవాబుగా తెలియజేయండి. అది అందిన తర్వాత కాగితం కొనుగోలు చేసి పని మొదలుపెడతాము.” ఫోనులో “అదంతా మామూలే అండీ, మీరు కానివ్వండి” అని కొనుగోలు విభాగం వాళ్లు చెప్పినా, జవాబు మెయిల్ వచ్చేదాకా మిల్లుకు డబ్బు పంపకూడదు. ఆ మాట చెప్పిన మనిషి మూడో విడత నాటికి ఆ సీట్లో ఉండకపోవచ్చు.